ఏ పన్నెండు, ఏ రోజు రాత్రి? అపాయింట్‌మెంట్ మెసేజ్‌లో దాగిన రెండు చిక్కులు

2025 అక్టోబర్‌లో ఒక మంగళవారం రాత్రి పదకొండున్నరకు అన్నయ్య కారు గుంటూరులో ఒక స్కానింగ్ సెంటర్ ముందు ఆగింది. వెనక సీట్లో పెద్దమ్మ. పొట్ట ఎంఆర్ఐ తీయించాలని తెనాలి నుంచి తీసుకొచ్చాడు. షుగర్ ఉన్న మనిషి. ఎనిమిదింటి నుంచి ఏమీ తినకుండా, నీరసంగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "సార్, మీది నిన్న రాత్రి స్లాట్ అండి. పన్నెండు దాటాక ఫోన్ కూడా చేశాం, ఎవరూ ఎత్తలేదు" అంది.

"అదేంటమ్మా, మెసేజ్‌లో పద్నాలుగో తారీఖు అని ఉందిగా? ఇవాళేగా పద్నాలుగు?"

"పద్నాలుగే సార్. నిన్న రాత్రి పన్నెండు దాటితే పద్నాలుగే కదండీ."

ఇద్దరిదీ తప్పు కాదు. ఆ మెసేజ్‌ను ఎవరూ తప్పుగా టైప్ చేయలేదు కూడా. నేను విజయవాడలో క్లినిక్కులకు, ల్యాబులకు అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ పెట్టే పనిలో ఉన్నాను. ఇలాంటి ఫిర్యాదులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఇంట్లోనే జరిగేసరికి ఆ మెసేజ్‌ను ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూశాను. పన్నెండు దగ్గర మనం ఒక్కటే చిక్కు అనుకునేది నిజానికి రెండు చిక్కులు. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయదు.

## ఒక మెసేజ్, మూడు అర్థాలు

పెద్దమ్మ ఫోన్‌కు వచ్చింది ఇదీ:

```
Appt confirmed: MRI Abdomen
14-10-2025 12:15 AM
Report 30 min early. 4 hrs fasting.
```

14వ తేదీ మంగళవారం. పెద్దమ్మ దీన్ని మంగళవారం పగలు పన్నెండుంపావు అని చదివింది. డాక్టర్లు, స్కానింగ్‌లు అంటే పగటి పనులే అని ఆమె లెక్క. అన్నయ్య "కాదమ్మా, ఏఎం అంటే రాత్రి" అని సరిదిద్దాడు. అక్కడివరకు అతను చెప్పింది నిజమే. కానీ "మంగళవారం, రాత్రి 12.15" అని రెండు ముక్కలనూ కలిపేసరికి మంగళవారం భోజనాలయ్యాక వచ్చే రాత్రి అయింది. కంప్యూటర్ లెక్కలో మాత్రం 14వ తేదీ మొదలైన పదిహేను నిమిషాలకే ఆ స్లాట్. అంటే సోమవారం రాత్రి.

మూడు అర్థాలకూ మధ్య పన్నెండేసి గంటల దూరం ఉంది. సోమవారం రాత్రి అయితే పెద్దమ్మ సోమవారం రాత్రి 8.15కి తినడం ఆపాలి. మంగళవారం పగలు అయితే మంగళవారం ఉదయం 8.15కి. మంగళవారం రాత్రి అయితే ఆ రాత్రి 8.15కి. ఇంకో సంగతి చూడండి. అరగంట ముందు రమ్మన్నారు కాబట్టి ఆమె నిజంగా గుమ్మం ఎక్కాల్సింది 13వ తేదీ రాత్రి 11.45కి. ఆ 13 అనే అంకె మెసేజ్‌లో ఎక్కడా లేదు.

వీటన్నిటికీ తోడు సోమవారం ఉదయం పదింటికి ఇంకో మెసేజ్ వచ్చింది: "Your appointment is tomorrow." సాఫ్ట్‌వేర్ ఇవాళ 13, అపాయింట్‌మెంట్ 14 అని తేదీలు మాత్రమే చూసుకుని "రేపు" అని రాసింది. రేపు అంటే మనిషికి ఒక నిద్ర లేచాక వచ్చే రోజు. పెద్దమ్మ వెళ్లాల్సింది ఆ రాత్రికే. గుర్తు చేయడానికి పంపిన మెసేజే అన్నయ్య అపోహను గట్టిపరిచింది.

## గడియారంలో పన్నెండు అసలు సున్నా

మొదటి చిక్కు పగలా రాత్రా అన్నది. ఏఎం, పీఎం లాటిన్ మాటలకు పొట్టి రూపాలు. ఆంటే మెరీడియం అంటే మధ్యాహ్నానికి ముందు, పోస్ట్ మెరీడియం అంటే మధ్యాహ్నం తర్వాత. పది ముందు, రెండు తర్వాత. ఇక్కడ ఎవరికీ ఇబ్బంది లేదు. మరి సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు ముందా, తర్వాతా? రెండూ కాదు, అదే మధ్యాహ్నం. అర్ధరాత్రి పన్నెండైతే నిన్నటి మధ్యాహ్నానికి పన్నెండు గంటల తర్వాత, రేపటి మధ్యాహ్నానికి పన్నెండు గంటల ముందు. మాటల అర్థాన్ని పట్టుకుని వెళితే జవాబు దొరకదు.

అందుకే పక్క నిమిషాన్ని చూసి తేల్చారు. పగలు 12.01 మధ్యాహ్నం దాటినట్టే కాబట్టి పీఎం. అర్ధరాత్రి దాటిన 12.01 రాబోయే మధ్యాహ్నానికి ముందు కాబట్టి ఏఎం. ఆ పక్కన ఉన్న సరి పన్నెండుకూ అదే ముద్ర వేశారు. ఇవాళ ఫోన్లు, కంప్యూటర్లు నడిచేది ఈ పద్ధతిలోనే. ఇది అందరూ మొదటినుంచీ ఒప్పుకున్నది కూడా కాదు. అమెరికా ప్రభుత్వ ముద్రణ సంస్థ 2000లో తెచ్చిన శైలి గ్రంథం మధ్యాహ్నాన్ని 12 ఏఎం అనీ, అర్ధరాత్రిని 12 పీఎం అనీ రాయమంది. 2008 కూర్పులో దాన్ని తలకిందులు చేశారు. ప్రభుత్వ ముద్రణ నియమాలే ఇటు నుంచి అటు మారాయంటే పెద్దమ్మ తడబడటంలో వింత లేదు.

నాకు తెలిసి జనం తడబడేది లాటిన్ రాక కాదు, లెక్కపెట్టే వరస వల్ల. మనం పది, పదకొండు, పన్నెండు అని ఒక వరసగా చదువుతాం, తర్వాత ఒకటి నుంచి మళ్లీ మొదలుపెడతాం. కాబట్టి ఏఎం నుంచి పీఎంకు మారడం కూడా పన్నెండు అయిపోయాక ఒంటిగంట దగ్గర జరుగుతుందనిపిస్తుంది. గడియారం లోపలి వరస వేరు. అక్కడ 12, 1, 2, 3 అని పోయి 11తో ముగుస్తుంది. పన్నెండు వరసలో ఆఖరిది కాదు, మొదటిది. సున్నా ఉండాల్సిన చోట పన్నెండు కూర్చుంది. 12.15 అంటే మధ్యాహ్నం మొదలై పదిహేను నిమిషాలు, లేదా రోజు మొదలై పదిహేను నిమిషాలు. ఈ ఒక్కటి పట్టుబడితే ఏఎం, పీఎం ఎందుకు పన్నెండు దగ్గరే మారతాయో తేలిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. మెరీడియం అంటే సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ అనుకుంటే బెజవాడలో అది గడియారం పన్నెండుకు రాదు. మన దేశమంతా వాడే టైమ్ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. విజయవాడ దానికి పడమరగా 80.65 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సగటున 12.07కి గానీ ఇక్కడ మిట్టమధ్యాహ్నం కాదు. ఫిబ్రవరి నడుమ 12.20 దాటుతుంది, నవంబర్ మొదట్లో 11.51కే అయిపోతుంది. ఏఎం, పీఎం ఇప్పుడు సూర్యుడి గుర్తులు కావు, గడియారం గుర్తులు మాత్రమే.

## కౌంటర్ దగ్గర ఒక పొరపాటు, కోడ్‌లో ఒక పొరపాటు

పెద్దమ్మ మెసేజ్‌లో టైమ్ సరైనదే. కానీ చాలా క్లినిక్కుల్లో పగటి స్లాటే రాత్రి స్లాటుగా మారి వెళుతుంది. అది రెండు చోట్ల జరగడం చూశాను.

మొదటిది కౌంటర్ దగ్గర. రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు పొద్దున తొమ్మిది నుంచి వరసగా స్లాట్లు నింపుతారు. పక్కన ఏఎం అన్న పెట్టె అలాగే ఉంటుంది, 9.00, 9.15, 9.30 అని అంకెలు మాత్రం మారుస్తూ పోతారు. 11.45 తర్వాత 12.00 కొడతారు. ఆ పెట్టెను ముట్టుకోవాలని తోచదు, ఎందుకంటే చేతివేళ్లకు కూడా పది, పదకొండు, పన్నెండు ఒకే వరస. ఒంటిగంట దగ్గరికి వచ్చాక గుర్తొచ్చి పీఎం చేస్తారు. ఫలితంగా 12.00 నుంచి 12.45 వరకు ఉన్న నాలుగు స్లాట్లే తప్పుగా పడతాయి, మిగతా రోజంతా చక్కగా ఉంటుంది. ఇలా జరిగిందని తెలుసుకోవడం తేలిక. ఆ రోజు జాబితాను టైమ్ ప్రకారం పేర్చి చూస్తే 11.45కీ 1.00కీ మధ్య ఉండాల్సిన నాలుగు పేర్లు అక్కడ ఉండవు. తొమ్మిది గంటల పేరుకన్నా పైన, జాబితా నెత్తిన కూర్చుని ఉంటాయి.

రెండోది కోడ్ రాసేవాళ్ల దగ్గర. పన్నెండు గంటల టైమ్‌ను ఇరవై నాలుగు గంటలకు మార్చాలంటే పీఎం అయితే పన్నెండు కలపాలని స్కూల్లో నేర్చుకున్నాం. 3 పీఎం 15 అవుతుంది, 11 పీఎం 23 అవుతుంది. ఒకటి నుంచి పదకొండు వరకు ఈ సూత్రం తప్పదు. పన్నెండు దగ్గర తప్పుతుంది. 12.30 పీఎంకు పన్నెండు కలిపితే 24.30. కొన్ని ప్రోగ్రాములు దాన్ని తీసుకోకుండా ఆగిపోతాయి. కొన్ని "ఇరవై నాలుగు దాటింది కాబట్టి మర్నాడు 00.30" అని సర్దేసుకుంటాయి. ఆగిపోతేనే నయం, తప్పు కనబడుతుంది. సర్దుకుంటే మంగళవారం మధ్యాహ్నం 12.30 స్లాట్ బుధవారం 12.30 ఏఎం అని మెసేజ్‌గా వెళుతుంది. పగలు రాత్రయింది, తేదీ కూడా మారింది. ఏఎం వైపు కూడా ఇదే సూత్రం రాత్రి 12.30ను ముట్టుకోకుండా వదిలేస్తుంది, అది పగటి 12.30 అయిపోతుంది.

సరిచేసేది పైన చెప్పుకున్న సంగతే, పన్నెండును ముందు సున్నా చేయడం:

```python
h = hour % 12
if ampm == "PM":
    h = h + 12
```

పన్నెండును పన్నెండుతో భాగిస్తే శేషం సున్నా. పీఎం అయితే దానికి పన్నెండు కలిసి 12 అవుతుంది, ఏఎం అయితే 0గా ఉండిపోతుంది. తక్కిన అంకెలకు మొదటి వరస ఏ మార్పూ చేయదు. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు నేను పగటివి రెండు, రాత్రివి రెండు పన్నెండు గంటల స్లాట్లు బుక్ చేసి నా ఫోన్‌కే మెసేజ్ పంపించుకుంటాను. వాటిలో 12.00తో పాటు 12.30 కూడా తప్పక ఉంటుంది. సరి పన్నెండుకు మాత్రమే ప్రత్యేకంగా ఒక షరతు రాసి, 12.30ను మరిచిపోయిన కోడ్ నాకు ఒకటికన్నా ఎక్కువసార్లే తగిలింది.

## ఇరవై నాలుగు గంటల పద్ధతి ఎంతవరకు ఆదుకుంటుంది

ఇక్కడికి వచ్చేసరికి చాలామంది అడిగేది ఒకటే. రైల్వేవాళ్లలా ఇరవై నాలుగు గంటల్లో రాస్తే గొడవ ఉండదు కదా? ఆ వాదనలో బలముంది. 00:15 అంటే పగలు అయ్యే అవకాశమే లేదు, పెద్దమ్మ చదివిన మధ్యాహ్నం అర్థం అక్కడికక్కడే పోతుంది. ఏఎం, పీఎం పెట్టెను మరిచిపోవడం ఉండదు, కోడ్‌లో కూడికా ఉండదు. సాఫ్ట్‌వేర్ లోపల టైమ్‌ను దాచుకోవడానికి ఇదే పద్ధతి అన్నదాంట్లో నాకు రెండో అభిప్రాయం లేదు.

మెసేజ్ చదివే మనిషి దగ్గరికి వచ్చేసరికి రెండు ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది పట్టపగలు పన్నెండు దగ్గరే వస్తుంది. 17:30 అని చూడగానే ఇది ఇరవై నాలుగు గంటల లెక్క అని తెలుస్తుంది. 09:15లో ముందున్న సున్నా కొంత సూచన ఇస్తుంది. 12:15 అని ఉత్తగా చూస్తే ఏం తెలుస్తుంది? ఇరవై నాలుగు గంటల లెక్కలో అది నిస్సందేహంగా పగలే. కానీ చదివేవారికి అది ఇరవై నాలుగు గంటల లెక్కేనని ఎవరు చెప్పారు? ఏఎం, పీఎం రాయడం మరిచిపోయిన పన్నెండు గంటల టైమ్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. తికమక ఎక్కువగా ఉండే అంకె దగ్గరే ఈ పద్ధతి తన గుర్తును బయటపెట్టుకోలేదు.

రెండో ఇబ్బంది ఇంకా లోతైనది. పెద్దమ్మ మెసేజ్‌ను "14-10-2025 00:15" అని రాసి ఉంటే అన్నయ్య ఏం చేసేవాడు? రాత్రి అని అతనికి ముందే తెలుసు. అతనికి తెలియంది ఏ రాత్రి అన్నది. 00:15 చూసి కూడా "14 రాత్రి" అనే అనుకునేవాడు. రైలు విషయంలో ఇది ఎంతోమందికి అనుభవమే. విజయవాడలో 14వ తేదీ 00:25కి ఎక్కాల్సిన రైలుకు టికెట్ ఉంటే, 13వ తేదీ రాత్రి అన్నం తిని స్టేషన్‌కు బయల్దేరాలి. 14 రాత్రి పెట్టె పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, రైలు నిన్ననే వెళ్లిపోయిందని తెలిసి నిలబడిపోయిన వాళ్ల కథ మన చుట్టాల్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. టికెట్ మీద ఉన్నది ఇరవై నాలుగు గంటల టైమే.

అర్ధరాత్రి సరిగ్గా పన్నెండుకు ఈ పద్ధతిలోనూ రెండు పేర్లున్నాయి. 14వ తేదీ 24:00, 15వ తేదీ 00:00 ఒకే క్షణం. తేదీలు, టైమ్‌లు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 కూడా 2019లో 24:00 రూపాన్ని తీసేసి, 2022 సవరణలో మళ్లీ తెచ్చింది. అపాయింట్‌మెంట్లకు 00:00 ఒక్కదాన్నే వాడుకోవడం మేలు.

## తెల్లవారితే మంగళవారం

రెండో చిక్కు గడియారానిది కాదు, రోజుది. క్యాలెండర్ రోజు అర్ధరాత్రి మారుతుంది. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. మాట్లాడేటప్పుడు మనమంతా పంచాంగం పక్షమే. సోమవారం రాత్రి ఒంటిగంటకు పాప ఏడ్చింది అంటాం. అప్పటికి క్యాలెండర్‌లో మంగళవారం వచ్చి గంట అయిందని ఎవరికీ తోచదు. పడుకుని లేచేదాకా మనకు రోజు మారదు. అన్నయ్య చదివింది తప్పు కాదని మొదట అన్నది అందుకే. అతను తెలుగు రాత్రిని చదివాడు, కంప్యూటర్ క్యాలెండర్ రాత్రిని పంపింది.

ఈ చిక్కు మనవాళ్లకు కొత్తది కాదు. రాత్రి ముహూర్తాలు పెట్టే సమాజం కాబట్టి ఎప్పుడో ఎదురైంది. శుభలేఖలు తీసి చూడండి. "బుధవారం రాత్రి 2.14 గంటలకు, తెల్లవారితే గురువారం" అని ఉంటుంది. ఈ వాక్యంలో ఉన్న పనితనం నాకు చాలా ఇష్టం. ముందు మనిషి అనుకునే రోజు పేరు చెప్పింది, బుధవారం. తర్వాత రాత్రి అంది, పగలు అనుకునే వీలు లేకుండా పోయింది. చివర తెల్లవారితే గురువారం అని క్యాలెండర్‌కు కూడా లెక్క అప్పజెప్పింది. బుధవారమా గురువారమా అని గొడవపడాల్సిన పని లేదు, రెండు రోజుల మధ్య ఉన్న రాత్రి ఒక్కటే. పత్రికల్లో "సోమవారం అర్ధరాత్రి దాటాక" అని రాసేది కూడా ఇదే జాగ్రత్తతో.

"పన్నెండు దాటాక ఏమీ తినకండి, పొద్దున ఆపరేషన్" అని నర్సు చెబితే ఎవరూ పొరబడరు. తేదీ లేదు, ఏఎం లేదు. రాత్రి నిద్రకూ పొద్దుటి ఆపరేషన్‌కూ మధ్య ఉన్న పన్నెండు ఒక్కటే కాబట్టి మాటలోనే అది తేలిపోయింది.

## మాటలా, అంకెలా

అయితే ఏఎం, పీఎం తీసేసి "పగలు 12.15", "రాత్రి 12.15" అని తెలుగులో రాసేస్తే సరిపోదా? పగలా రాత్రా అన్న చిక్కుకు ఇంతకన్నా మంచి మందు లేదని నా నమ్మకం. అమెరికాలో టైమ్ ప్రమాణాలు చూసే ఎన్ఐఎస్‌టీ సంస్థ కూడా 12 ఏఎం, 12 పీఎం అని రాయకుండా నూన్, మిడ్‌నైట్ అన్న మాటలే వాడమంటుంది. అర్ధరాత్రి అంటే ఏ తేదీదో తెలియదు కాబట్టి అవసరమైతే 11.59 అనో 12.01 అనో రాయమంటుంది. ఒక్క నిమిషం జరపడం గడువు తేదీలకు బాగుంటుంది. స్కానింగ్ స్లాట్‌కు కుదరదు, 12.15ను ఎటు జరిపినా ఏ రాత్రి అన్న ప్రశ్న అక్కడే ఉంటుంది.

మాటల పద్ధతికి అడ్డొచ్చేది మెసేజ్ పంపే ఏర్పాటు. ఇంగ్లిష్ లిపిలో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపి ఒక్క అక్షరం చేరినా ఆ హద్దు 70కి పడిపోతుంది. పైగా ఫోన్ లెక్కలో గుణింతం గుర్తులు, పొల్లులు వేరువేరుగా లెక్కకొస్తాయి. "తెల్లవారితే" మన కంటికి ఐదు అక్షరాలు, ఎస్ఎంఎస్‌కు పదకొండు. కాబట్టి ఒక మెసేజ్ రెండు మూడు మెసేజ్‌ల ఖర్చవుతుంది. ఇంకొకటి, మన దేశంలో వ్యాపార సంస్థలు పంపే ఎస్ఎంఎస్ నమూనాను ముందే టెలికాం సంస్థలు నడిపే డీఎల్‌టీ పోర్టల్‌లో నమోదు చేయాలి. పేరు, టైమ్ లాంటివి మారే చోట్ల మాత్రం ఖాళీ వదులుతారు. నమోదైన మాటలను కౌంటర్‌లో అమ్మాయి తనకు తోచినట్టు మార్చి పంపలేదు. కొత్త వాక్యం కావాలంటే కొత్త నమూనా నమోదు చేసి, ఆమోదం రావాలి.

ఖర్చు గురించి ఆలోచించే యజమానుల మాట కొట్టిపారేసేది కాదు. రోజుకు వందల మెసేజ్‌లు పంపేచోట అది నెల తిరిగేసరికి కనబడుతుంది. కానీ చిక్కు ఉన్నది రోజు మొత్తంలో పన్నెండు గంటల స్లాట్లకూ, అర్ధరాత్రి దాటాక తెల్లవారేదాకా ఉన్న స్లాట్లకూ మాత్రమే. వాటికే వేరే నమూనా పెట్టుకోవచ్చు. తెలుగు లిపి బరువనిపిస్తే అదే తెలుగు ఆలోచనను ఇంగ్లిష్ లిపిలో రాసినా 160 లోపే సరిపోతుంది.

## రావాల్సిన టైమ్, స్కాన్ టైమ్

పెద్దమ్మ మెసేజ్‌ను మళ్లీ రాయడానికి కూర్చున్నప్పుడు నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సంగతి వేరే ఉంది. 12.15 అన్నది పెద్దమ్మకు అక్కర్లేని టైమ్. అది మెషిన్ టైమ్. ఆమెకు కావాల్సింది గుమ్మం దగ్గర ఉండాల్సిన టైమ్, అంటే సోమవారం రాత్రి 11.45. ఆ టైమ్‌లో పగలు, రాత్రి గొడవ లేదు, తేదీ గొడవ అసలే లేదు. "అరగంట ముందు రండి" అని లెక్కను రోగి మీద వదిలేయడం వల్ల పన్నెండు దాటిన టైమ్ ముందుకొచ్చింది, తేలికైన టైమ్ దాక్కుంది.

నేను రాసిన నమూనా ఇలా ఉంది:

```
సోమవారం (13) రాత్రి 11.45 కల్లా రండి.
స్కాన్ రాత్రి 12.15కి, తెల్లవారితే మంగళవారం (14).
రాత్రి 8.15 తర్వాత ఏమీ తినకూడదు.
```

ఉపవాసం గంటల్లో కాకుండా ఆపాల్సిన టైమ్‌గా రాశాను, ఆ తీసివేత కూడా ఇంట్లోవాళ్లు చేయనక్కర్లేదు. ఇదే లెక్కన గుర్తు చేసే మెసేజ్‌లో "రేపు" తీసేసి "ఈ రాత్రికి" అని వచ్చేలా చూడాలి. అర్ధరాత్రి నుంచి పొద్దున ఐదు వరకు ఉన్న స్లాట్లను ముందు రోజు ఖాతాలో వేసి రిమైండర్ లెక్కిస్తే అది వస్తుంది.

దీనికీ ఒక చోట హద్దుంది. స్లాట్ 12.30కి ఉంటే అరగంట ముందంటే సరిగ్గా రాత్రి 12.00 అవుతుంది, మళ్లీ మొదటికొస్తాం. అలాంటివాటికి పది నిమిషాలు కలిపి రాత్రి 11.50కి రమ్మనడం నయం. స్లాట్ ఒంటిగంటన్నరకు ఉంటే 11.50కి రమ్మని ఒంట్లో బాగోలేని మనిషిని అంతసేపు కూర్చోబెట్టలేం. అక్కడ "సోమవారం రాత్రి ఒంటిగంటకు, తెల్లవారితే మంగళవారం" అన్న పూర్తి మాట తప్ప వేరే దారి లేదు.

ఆ సెంటర్‌వాళ్లు పెద్దమ్మకు ఆ వారంలోనే మళ్లీ స్లాట్ ఇచ్చారు, 17వ తేదీ 12:15 AM. కొత్త నమూనాకు ఇంకా ఆమోదం రాలేదు కాబట్టి మెసేజ్ పాత పద్ధతిలోనే వచ్చింది. ఈసారి అన్నయ్య ఫోన్ చేసి "పన్నెండుంపావుకేనా అండి" అని అడగలేదు. "గురువారం రాత్రి భోజనాల వేళ దాటాక బయల్దేరాలా, శుక్రవారం రాత్రా?" అని అడిగాడు. గురువారమే అన్నారు. పెద్దమ్మ గోడ మీద క్యాలెండర్‌లో 16 గడిలో పెన్సిల్‌తో "రా. 11.45 గుంటూరు" అని రాసుకుంది. 17 గడిని ఖాళీగా వదిలేసింది.